సున్నా వడ్డీ అంటే నూటికి ఎంత?

ఆమదాలవలసలో వడ్డీని సంవత్సరానికి ఎంత శాతమని ఎవరూ అడగరు. నెలకు నూటికి ఎంత అని అడుగుతారు. రూపాయి వడ్డీ అంటే మంచిదే అంటారు, రూపాయిన్నర అంటే సరేలే అనుకుంటారు, మూడు దాటితే మొహం చిట్లిస్తారు. ఈ లెక్కకు లొంగనట్టు కనిపించేది క్రెడిట్ కార్డు బిల్లు ఒక్కటే. అందులో నెలకు మూడున్నర శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన మాటల్లో అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. బ్యాంకు అప్పు వడ్డీకి జీఎస్టీ మినహాయింపు ఉంది, కార్డు వడ్డీకి లేదు. తెలిసినవాళ్ల దగ్గర అంత వడ్డీకి తెచ్చుకున్నానని చెబితే ఇంట్లో ఊరుకోరు. కార్డు మీద అదే వడ్డీ పడుతుంటే మాత్రం ఎవరికీ పట్టదు.

సరిగ్గా ఈ బాకీలో ఉన్నప్పుడే ఇంకో బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. ‘మీ పాత కార్డు బాకీ మా కార్డుకు మార్చుకోండి సార్, 60 రోజులు జీరో ఇంట్రెస్ట్, ఒక్కసారి ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం మాత్రమే’ అంటారు. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటే ఇదే. గడువూ ఫీజూ బ్యాంకును బట్టి మారవచ్చు గానీ, మన దేశంలో సున్నా వడ్డీ అన్నచోట గడువు చాలావరకు రెండు మూడు నెలలే.

సున్నా వడ్డీ అన్న మాట మనకు కొత్త కాదు. డ్వాక్రా సంఘాల మహిళలు పావలా వడ్డీనీ చూశారు, సున్నా వడ్డీనీ చూశారు. అక్కడ మిగతా వడ్డీని బ్యాంకుకు ప్రభుత్వం కట్టింది. కార్డు విషయంలో మన తరఫున కట్టేవాళ్లెవరూ లేరు. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే ఈ సంగతి తేల్చి చెప్పింది. క్రెడిట్ కార్డు బాకీల మీద ఇచ్చే సున్నా శాతం వాయిదా పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని, అసలు సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని బ్యాంకులకు రాసింది. అది చెప్పింది వాయిదాల గురించే అయినా, బాకీ మార్పిడి ఫీజుకూ అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి ఫీజును మన వడ్డీ లెక్కలోకి దించాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దారిలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడిపే ఒక వ్యాపారికి కార్డు మీద 60 వేల బాకీ ఉందనుకుందాం. ఫీజు రెండు శాతం, అంటే 1,200. జీఎస్టీ 216. మొత్తం 1,416 రూపాయలు. రెండు నెలలపాటు 60 వేలూ అలాగే ఉంచి చివరి రోజున కట్టేస్తే నూటికి నెలకు ఒక రూపాయి పద్దెనిమిది పైసలు పడినట్టు. పాత కార్డులోని నాలుగు రూపాయల పదమూడు పైసలతో పోలిస్తే ఇది చవకే. ఒప్పుకోవాల్సిందే.

కానీ ఈ ఫీజుకు ఒక గుణం ఉంది. వడ్డీ రోజులను బట్టి పెరుగుతుంది, ఫీజు మొదటి రోజే మొత్తం పడిపోతుంది. మీరు ముందే తీర్చేసినా అందులో పైసా వెనక్కి రాదు. పాత కార్డులో 60 వేల మీద వడ్డీ, జీఎస్టీ కలిపి 1,416 రూపాయలు కావడానికి సుమారు 17 రోజులు పడుతుంది. అంటే ఆ వ్యాపారికి 17 రోజుల్లోపు డబ్బు చేతికొచ్చే వీలుంటే పాత కార్డునే నేరుగా తీర్చేయడం లాభం. మార్చుకుంటే నష్టం. ఇక డబ్బు ఇప్పుడే బ్యాంకులో ఉంటే అసలు ఆలోచించాల్సిన పనే లేదు. కొంతమంది తెలివిగా, బాకీని సున్నా వడ్డీకి మార్చేసి నా డబ్బును డిపాజిట్లో ఉంచుకుంటాను అంటారు. ఏడు శాతం డిపాజిట్లో 60 వేలకు రెండు నెలలకు వచ్చేది 700 రూపాయలు. పోయేది 1,416.

ఈ మార్పిడి నిజంగా పనికొచ్చేది ఒకే రకం మనిషికి. ఇవాళ చేతిలో డబ్బు లేదు, రెండు నెలల్లో వస్తుందని ఖాయంగా తెలుసు. చీటీ గడువు తీరబోతోంది, లేదా పీఎఫ్ అడ్వాన్సు మంజూరైంది. మన వ్యాపారి మొదటి నెలాఖరుకు 30 వేలు, రెండో నెలాఖరుకు మిగతాది కట్టగలడనుకుందాం. పాత కార్డులోనే ఉంటే వడ్డీ, జీఎస్టీ కలిపి సుమారు 3,800 అవుతుంది. మార్చుకుంటే ఆ 1,416తో సరి. దాదాపు 2,400 మిగులు. సగం సొమ్ము నెల ముందే కట్టాడు కాబట్టి ఫీజు తాలూకు అసలు భారం నూటికి రూపాయి యాభై ఏడు పైసలకు పెరిగింది, అయినా లాభమే.

ఇంతవరకూ కాగితం మీద లెక్క. ఆచరణలో ఇది చెడిపోయే చోటు ఒకటుంది, అది పాత కార్డు దగ్గరే. బిల్లు 5వ తేదీన వచ్చింది, అందులో 60 వేలు అని ఉంది. వ్యాపారి సరిగ్గా 60 వేలకే దరఖాస్తు పెట్టాడు. కొత్త బ్యాంకు పరిశీలించి పంపేసరికి 15వ తేదీ అయింది. ఆ పది రోజుల వడ్డీ పాత కార్డులో నడుస్తూనే ఉంటుంది. సుమారు 690 రూపాయలు, జీఎస్టీతో 814. అది వచ్చే నెల బిల్లులో కనిపిస్తుంది. బాకీ తీరిపోయిందనుకున్నవాడు ఆ బిల్లు తెరిచి చూడడు. గడువు దాటి మూడు రోజులు మించితే ఆలస్య రుసుము వేసే హక్కు బ్యాంకుకు ఉంది, సిబిల్‌లోనూ మచ్చ పడుతుంది. ఇంకో సంగతి. డబ్బు బదిలీ అయ్యేలోపు పాత కార్డు గడువు తేదీ వచ్చేస్తే కనీస చెల్లింపు మన జేబులోంచి కట్టాల్సిందే. దరఖాస్తు పెట్టాం కదా అంటే బ్యాంకు వినదు. పాత బ్యాంకుకు ఫోను చేసి ‘ఇవాళ్టికి మొత్తం ఎంత కడితే సున్నా అవుతుంది’ అని అడిగి, ఆ తర్వాతి బిల్లు కూడా చూసి, అప్పుడు తీరిందనుకోవాలి.

కొత్త కార్డులోనూ ఒక మెలిక ఉంది. కార్డుతో కొన్నదానికి వడ్డీ లేని రోజులు దొరికేది కిందటి బిల్లు మొత్తం కట్టినవాళ్లకే. మార్చిన బాకీ మిగిలి ఉండగా అదే కార్డుతో పండక్కి బట్టలు కొంటే, చాలా కార్డుల్లో ఆ కొనుగోలు మీద మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బాకీ మార్చుకున్న కార్డును ఆ రెండు నెలలూ బీరువాలో పెట్టడమే క్షేమం. ఇక పాత కార్డు ఖాళీ అయింది. అరవై వేల పరిమితి మళ్లీ కళ్ల ముందు ఆడుతుంటుంది. నా దృష్టిలో వడ్డీ లెక్కల కంటే ఎక్కువమందిని ముంచేది ఈ ఖాళీయే. ఒక బాకీ రెండు బాకీలవుతుంది. అక్కర్లేని కార్డును రద్దు చేయమని రాస్తే, బాకీ ఏమీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున ఇవ్వాలి అని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లో ఉంది. ఆ హక్కును వాడుకునేవాళ్లు తక్కువ.

రెండు నెలల్లో తీర్చలేనివాళ్ల సంగతి వేరు. అదే 60 వేలకు నెలకు పది వేలే కట్టగలిగినవాళ్లను తీసుకోండి. పాత కార్డులోనే కట్టుకుంటూ పోతే బాకీ తీరేసరికి వడ్డీ, జీఎస్టీ సుమారు 10,400 రూపాయలు. మార్చుకుంటే, 60 రోజుల తర్వాత కొత్త కార్డు కూడా మూడున్నర రూపాయలే వేస్తుందనుకుంటే, ఫీజుతో కలిపి సుమారు 6,400. ఇక్కడిదాకా మార్పిడే నెగ్గింది. కానీ అదే మనిషి ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి రూపాయి వడ్డీకి 60 వేలు తెచ్చి పాత కార్డు మొహాన కొట్టి, నెలనెలా పది వేలు కట్టుకుంటే మొత్తం వడ్డీ 2,200 దాటదు. బంగారం బయట పెట్టడం నామోషీ అనుకునేవాళ్లున్నారు. ఆ నామోషీ ఖరీదు నాలుగు వేల రూపాయలు.

ఈ జిల్లా పిల్లలు అమెరికాలో చాలామందే ఉన్నారు. వాళ్లు ఫోనులో ‘బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసుకో నాన్నా, మేమంతా అదే చేస్తాం’ అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అక్కడ ఫీజు మూడు నుంచి ఐదు శాతం, సున్నా వడ్డీ గడువు మాత్రం సంవత్సరం నుంచి ఇరవై ఒక్క నెలల దాకా ఉంటుంది. మూడు శాతం ఫీజును పన్నెండు నెలలకు పంచితే నూటికి పావలా. నెలనెలా తీరుస్తూ పోయినా అర్ధరూపాయి చుట్టూ తేలుతుంది. ఫీజు వాళ్లకే ఎక్కువ, భారం మనకే ఎక్కువ. తేడా అంతా గడువులో ఉంది. అక్కడి సలహా ఇక్కడి అరవై రోజులకు అతకదు.

కార్డు వడ్డీకి పైపరిమితి ఏదో ఒకటి ఉంటుందిలే అన్న ధీమా కూడా ఇప్పుడు లేదు. ఏటా 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. మిగిలిన రక్షణ ఒక్కటే, అసలు ధర ఎంతో ముందే తెలియడం. వ్యక్తిగత, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు 2024 అక్టోబరు 1 నుంచి ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటును ఒకే కాగితం మీద చూపించాలన్న నిబంధన వచ్చింది. క్రెడిట్ కార్డు బాకీలను దాని నుంచి మినహాయించారు. కనీసం బాకీ మార్పిడికైనా రిజర్వు బ్యాంకు ఆ మినహాయింపు తీసేయాలి. 60 రోజులకు 2.36 శాతం అంటే ఏడాదికి 14 శాతం పైమాటే. సున్నా అన్న అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, ఆ 14ను కూడా అచ్చు వేయించాలి.