సెలవు చీటీలో ఎంత చెప్పాలి?

జగ్గయ్యపేటలో పెళ్లిచూపులు. నందిగామ ఆఫీసులో సెలవు. చీటీలో ‘పెళ్లిచూపులు’ అని రాసిన అమ్మాయికి ఆ తర్వాత నెల రోజులపాటు ఒకటే ప్రశ్న... ‘ఏమైంది, కుదిరిందా?’ సంబంధం కుదరకపోతే మేనేజరు దగ్గర్నుంచి టీ తెచ్చే కుర్రాడి వరకూ అందరికీ జవాబు చెప్పుకోవాలి. ఒకటి రెండు రోజుల క్యాజువల్ లీవుకి ‘సొంత పని’ అన్న రెండు మాటలు సరిపోయేవి. మేనేజరుకు నిజంగా కావాల్సింది వేరు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా రారు, చేతిలో ఉన్న పని ఎవరు చూస్తారు, అవసరమైతే ఫోన్ ఎత్తుతారా లేదా... అంతే.

అయితే అన్ని సెలవులూ ఇంత తేలిక కాదు. కారణం చెప్పకపోతే నష్టపోయేవీ ఉన్నాయి. గర్భస్రావం అలాంటిదే.

జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వచ్చి ఓ ప్రైవేటు సంస్థలో పనిచేసే ఇల్లాలినే తీసుకుందాం. మూడో నెలలో గర్భం పోయింది. ఇంట్లోనే ఇంకా అందరికీ చెప్పలేదు. ఆఫీసులో చెబితే సాయంత్రం బస్సు జగ్గయ్యపేట చేరేలోపే కబురు అత్తవారి వీధికి చేరిపోతుంది. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా... జిల్లా పేరు మారినా ఊళ్లో కబురు నడిచే వేగం మారలేదు కదా! అందుకే ఆమె ‘జ్వరం, 4 రోజులు’ అని రాస్తుంది. ఐదో రోజు నీరసంతోనే బస్సెక్కుతుంది.

ఆమె పోగొట్టుకున్నది చిన్నదేం కాదు. గర్భస్రావమైతే ఆ మర్నాటి నుంచి 6 వారాలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు అలాగే ఉంది. పదిమంది, అంతకుమించి పనిచేసే దుకాణాలకూ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. కాకపోతే రుజువు చూపించాలి. ‘జ్వరం’ అని రాస్తే ఈ సెలవు అడగడానికి వీల్లేదు. పైగా తర్వాత అసలు కాగితం పెడితే మొదటి చీటీ అబద్ధమని తేలుతుంది.

మరి చెప్పాలి, కానీ ఎవరికి? సెలవు మంజూరు చేసేవారికి, జీతాల లెక్క చూసేవారికి. వాళ్లకు మాత్రమే. ఆఫీసు వాట్సప్ గ్రూపులో ‘ఆరోగ్య కారణాలతో సెలవు, వివరాలు మేనేజరు గారికి ఇచ్చాను’ అన్న ఒక్క ముక్క చాలు. చట్టం ప్రకారం అడిగే ఉత్తరం విడిగా, మూసిన కవరులో ఇవ్వాలి. ‘ఫలానా తేదీన నాకు గర్భస్రావం అయింది. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. మర్నాటి నుంచి 6 వారాల సెలవు మంజూరు చేయగలరు. ఈ కాగితాలను గోప్యంగా ఉంచగలరు.’ నాలుగు వాక్యాలు. ఎందుకైంది, ఎన్నోసారి, మందులేం వాడుతున్నారు... ఇవేవీ అక్కర్లేదు.

చాలామంది తెలియక చేసేది మరొకటి ఉంది. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలన్నీ జిరాక్స్ తీసి ఇచ్చేస్తారు. అందులో వెనకటి కాన్పుల సంగతి నుంచి రక్తపరీక్షల ఫలితాల దాకా ఉంటాయి. ఆఫీసు ఫైలుకి అవన్నీ ఎందుకు? ఏం జరిగింది, ఏ తేదీన... ఈ రెండే ఉండేలా విడిగా సర్టిఫికెట్ రాయమని డాక్టరును అడగొచ్చు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారికైతే డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ కాబట్టి రుజువు వెళ్లాల్సింది అక్కడికి.

మేనేజరు మగవాడైతే నోరు రాదన్నది నిజమే. నోటితో చెప్పక్కర్లేదు. కవరు ఇచ్చి ‘చదివాక మాట్లాడతాను సార్’ అంటే చాలు. అసలు చిక్కల్లా మంచి మేనేజర్లతోనే! ‘మా చెల్లెలి లాంటిదానివి, ఏమైందో చెప్పు తల్లీ’ అని నలుగురిలో అడిగేస్తారు. ‘కాగితంలో రాశాను సార్, ఇప్పుడు ఫర్వాలేదు’ అనడం అమర్యాదేం కాదు.

ఇతరుల ప్రాణానికి ముప్పున్న చోట మాత్రం లెక్క వేరు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎత్తుమీద పనిచేసే మనిషికో, లారీ నడిపే మనిషికో మూర్ఛ వచ్చిందనుకోండి. ‘సొంత పని’ అని రాసి నాలుగు రోజులకి మళ్లీ స్టీరింగు పట్టుకోకూడదు. అతనైనా జబ్బు చరిత్రంతా విప్పక్కర్లేదు. డాక్టరు మళ్లీ సరేననేవరకూ బండి నడపకూడదు, ఎత్తు ఎక్కకూడదు అన్న సంగతి రాతపూర్వకంగా పైవాడికి చేరాలి. అది సెలవు పూర్తయ్యాక కాదు, సెలవు అడిగే రోజునే.