ఇకరోస్ శిలాలేఖ: ఒక సామ్రాజ్యపు సహనం

సూసన్ షెర్విన్-వైట్, అమేలీ కూర్ట్ అనే ఇద్దరు చరిత్రకారిణులు కలిసి రాసిన 'ఫ్రమ్ సమర్‌ఖండ్ టు సార్డిస్' 1993లో వచ్చింది. గ్రంథం పేరులోనే ఒక సామ్రాజ్యపు పొడవు ఉంది. మధ్య ఆసియా నుంచి, ఇరాన్ పీఠభూముల మీదుగా, యూఫ్రటీస్ మైదానాలు దాటి, ఏజియన్ సముద్రతీరం దాకా వ్యాపించిన సెల్యూసిడ్ సామ్రాజ్యం అది. అలెగ్జాండర్ మరణానంతరం అతని సేనానులలో ఒకడైన సెల్యూకస్ స్థాపించాడు. మన పాఠ్యపుస్తకాలలో చంద్రగుప్త మౌర్యునికి ఓడి, సంధి చేసుకుని, అయిదు వందల ఏనుగులను పుచ్చుకుని వెళ్ళినవాడుగా కనిపించి మాయమయ్యే సెల్యూకస్ అతడే.

ఈ పుస్తకాన్ని నేను కువైట్‌లో చదివాను. అలా చదవడానికి ఒక ప్రత్యేకత ఉంది. ఆ సామ్రాజ్యం తన పరిపాలన గురించి తానే చెప్పుకున్న సాక్ష్యాలలో అతి విలువైనది ఒకటి ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, ఫైలకా ద్వీపంలో దొరికింది. 1960లో డెన్మార్క్ పురాతత్వ బృందం తవ్వి తీసిన గ్రీకు శిలాలేఖ అది. అందులో ద్వీపం పేరు ఇకరోస్. దానిని మొదట చదివి ప్రకటించినవాడు క్రిస్టియన్ యెప్పెసెన్. తరువాత షెర్విన్-వైటే షార్లట్ రూషేతో కలిసి 1985లో దాని మీద విపులమైన వ్యాసం రాసింది. అందువల్ల, పుస్తకంలోని వాదాన్ని ఈ రాతి మీద పెట్టి పరీక్షించడం అన్యాయం కాదనుకుంటాను.

ముందు వాదం. సెల్యూసిడ్‌లను తూర్పు దేశాల మీద గ్రీకు నాగరికతను నాటిన వలసపాలకులుగా చూడడం పొరపాటని రచయిత్రుల అభిప్రాయం. వారు అంతకుముందు రెండు శతాబ్దాలు ఏలిన పారసీక అకమేనిడ్ చక్రవర్తులకు వారసులు. రాజ్యాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతానికి ఒక అధిపతిని నియమించే పద్ధతి ఆ పారసీకులదే. ఆ అధిపతిని గ్రీకులు సత్రప్ అన్నారు. రాజ్యరక్షకుడు అని అర్థమిచ్చే ఆ పాత పారసీక పదమే మన దేశానికి వచ్చి క్షత్రపుడైంది. గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన నహపాణుడు క్షహరాత క్షత్రపుడన్నప్పుడు మనం వాడుతున్నది ఆ మాటనే. పన్ను, సైన్యం, విధేయత కేంద్రానివి. గుడి, భాష, ఆచారం స్థానికులవి. ఇదీ ఏర్పాటు.

దీనికి రచయిత్రులు చూపే నిదర్శనాలలో బోర్సిప్ప స్తూపకం ప్రసిద్ధమైనది. క్రీ.పూ. 268లో సెల్యూకస్ కుమారుడు మొదటి అంతియోకస్ బాబిలోనియాలోని బోర్సిప్పలో నబూ దేవుని ఆలయానికి పునాది వేశాడు. ఆ సందర్భాన్ని అక్కాదీ భాషలో, శరాకార లిపిలో, మట్టి స్తూపకం మీద రాయించాడు. అందులో ఆయన గ్రీకు రాజులా మాట్లాడడు. ప్రాచీన బాబిలోను రాజులు వాడిన బిరుదులనే తనకు పెట్టుకుంటాడు. నబూ దేవుని అనుగ్రహం కోరుతాడు. స్థానికాచారాన్ని ఓర్చుకోవడం మాత్రమే కాదు, దానిలో తానూ ఒక పాత్ర ధరించడం ఇది. పుస్తకం ఈ సంగతిని ఎంతో చక్కగా స్థాపిస్తుంది.

ఇప్పుడు ఫైలకా రాయి. దాని నిర్మాణమే ఒక పాఠం. పైన చిన్న ఉత్తరం: అనాక్సార్ఖోస్ అనే అధికారి ఇకరోస్ వాసులకు రాసినది. ఇకాదియోన్ నాకు రాసిన లేఖ నకలు మీకు పంపుతున్నాను, దీనిని చెక్కించి ఆలయంలో నిలపండి అని దాని సారం. దాని కింద ఇకాదియోన్ లేఖ. ఆ లేఖ లోపల రాజు ఆజ్ఞ. అంటే రాజు పై అధికారికి, పై అధికారి కింది అధికారికి, కింది అధికారి ద్వీపవాసులకు. ఇకాదియోన్ హోదా ఏమిటో రాతి మీద లేదు. ఒక ప్రాంతానికి అధిపతి అయివుంటాడని చాలామంది పండితుల ఊహ. తేదీ చెప్పే అక్షరాలు చెడిపోవడంవల్ల ఏ రాజు కాలమో తేలలేదు. మూడవ శతాబ్దం ఉత్తరార్ధం లేదా ఆ తరువాతి కొద్దికాలం అని వాదాలున్నాయి.

ఇకాదియోన్ చెప్పేది ఇది. రాజుకు ఇకరోస్ ద్వీపం పట్ల శ్రద్ధ ఉంది. ఆయన పూర్వీకులకూ ఉండేది. వారు రక్షకదేవత ఆలయాన్ని వేరొక చోటికి మార్చాలని తలచి, అధికారులకు రాశారు. కాని ఆ అధికారులు, ఏదైనా అడ్డు వచ్చి గాని, మరే కారణం చేత గాని, మార్చలేదు. రాజు మాకు రాయగానే మేము మార్చాము. వ్యాయామ క్రీడల, సంగీతపు పోటీలు కూడా నెలకొల్పాము. ఇక ద్వీపంలో ఉన్న ఆలయ పరిచారకులకు, ఇతరులకు న్యాయం జరగాలి. వారికి ఎవరూ అన్యాయం చేయరాదు. భూమి కావాలన్నవారికి భూమి ఇవ్వాలి; సేద్యం చేసి, చెట్లు నాటిన భూమి వారికి వంశపారంపర్యంగా ఉంటుంది. రాజు పూర్వీకులు ఇచ్చిన పన్ను మినహాయింపు వారికి కొనసాగుతుంది.

మాన్యాల, అగ్రహారాల శాసనాలు చదివిన తెలుగువారికి ఇది పరాయి గొంతు కాదు. పన్ను మినహాయింపు, వంశపారంపర్య హక్కు, గుడి ముందు నిలపవలసిన రాయి: అన్నీ మనకు తెలిసినవే. అయితే నన్ను ఆపినది మధ్యలో ఉన్న ఆ ఒక్క వాక్యం. రాజులు రాశారు, అధికారులు చేయలేదు. ఎందుకు చేయలేదో రాసినవాడికీ తెలియదు, లేదా తెలిసినా చెప్పడు. ఒక మహాసామ్రాజ్యం తన ఆజ్ఞ కొన్నేళ్ళపాటు అమలు కాలేదని తన రాతి మీద తానే చెక్కించుకుంది. పాలన అంటే ఆజ్ఞ కాదని, ఆజ్ఞకూ నేలకూ మధ్య ఉన్న మనుషులని ఇంతకన్న స్పష్టంగా చెప్పే సాక్ష్యం నేను చూడలేదు.

ఆచారాల సంగతి మరింత సూక్ష్మమైనది. ఇకరోస్‌లో అర్తెమిస్ ఆలయం ఉందని, అక్కడి అడవి మేకలు, జింకలు దేవతకు చెందినవని, బలి ఇవ్వడానికి తప్ప వాటిని ఎవరూ వేటాడరాదని అరియన్ తన అలెగ్జాండర్ చరిత్రలో చెబుతాడు. ఆ నియమం గ్రీకులు తెచ్చినది కాకపోవచ్చు. వారికి రెండు వేల సంవత్సరాలకు దగ్గరగా ముందే ఈ ద్వీపంలో ఇన్‌జాక్ అనే దేవుడికి పూజలు జరిగాయి. పవిత్రత నేలది, పేర్లు మాత్రం వచ్చినవారు పెట్టుకున్నారు. ద్వీపపు కోటలో బయటపడిన చిన్న ఆలయం స్తంభాలకు శిరస్సులు గ్రీకు అయోనిక్ పద్ధతివి, పీఠాలు పారసీక పద్ధతివి. రచయిత్రుల వాదానికి ఇంతకన్న అందమైన బొమ్మ దొరకదు.

కాని ఇక్కడే నాకు వారితో పేచీ. ఆలయాన్ని కదిలించినది రాజు. పోటీలు పెట్టినది అధికారి. భూమి ఇవ్వమన్నదీ, పన్ను వద్దన్నదీ పైవారే. ద్వీపవాసులు ఏమి అడిగారో, అసలు గుడి కదలడం వారికి ఇష్టమో కాదో రాతిలో ఒక్క అక్షరం లేదు. ఆలయ పరిచారకులు ఈ రాతిలో శ్రోతలే, వక్తలు కారు. దీనిని సహనం అనే ఒక్క మాటతో ముగిస్తే, ఆ మాటలో ఉన్న ఎగుడుదిగుడు కనిపించకుండా పోతుంది. సహించేవాడు, సహించబడేవాడు ఒకే మెట్టు మీద నిలబడరు.

ఆ ఎగుడుదిగుడు ఎంత ప్రమాదమో యెరూషలేము చెబుతుంది. క్రీ.పూ. 200 ప్రాంతంలో మూడవ అంతియోకస్ ఆ నగరవాసులు తమ పూర్వుల ధర్మశాస్త్రం ప్రకారం జీవించవచ్చునని, అర్చకులకు పన్నులు ఉండవని తన ప్రాంతాధిపతి టాలెమీకి రాసిన లేఖను జోసీఫస్ మనకందించాడు. ఇకరోస్ లేఖకు అది తోబుట్టువు. ఒక తరం గడిచింది. క్రీ.పూ. 167లో అదే రాజు కుమారుడు నాలుగవ అంతియోకస్ ఆ ఆచారాలను నిషేధించాడు. తండ్రి లేఖతో ఇచ్చినదాన్ని కొడుకు ఆజ్ఞతో తీసుకున్నాడు. తీసుకోగలగడానికి కారణం, అది మొదటినుంచీ హక్కు కాక అనుగ్రహం కావడమే.

ప్రాంతాధిపతుల పద్ధతికీ ఇటువంటి లోపలి బలహీనత ఉంది. దూరప్రాంతాన్ని ఏలాలంటే అధిపతికి సైన్యం, ధనం ఇవ్వాలి. ఇస్తే అతడే రాజు కాగలడు. క్రీ.పూ. 222లో మీడియా కొండసీమల సత్రప్ మోలోన్ తిరగబడి, రాజబిరుదుతో నాణాలు వేయించి, బాబిలోనియాను, ఈ సముద్రతీరపు ప్రాంతాన్ని కూడా ఆక్రమించాడు. మూడవ అంతియోకస్ రెండేళ్ళ తరువాత స్వయంగా వచ్చి ఓడించవలసివచ్చింది. కొండల నుంచి కడలి దాకా పరచిన రాజ్యానికి కొండలే మొదట బీటవారాయి.

మనవైపు చూస్తే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలలో యోనరాజు అంతియోకుని పేరు చెక్కి ఉంది. అతడు ఈ వంశంవాడే, రెండవ అంతియోకస్ అని పండితుల నిర్ణయం. బ్రహ్మగిరి శాసనం మరీ ఆశ్చర్యం: సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడు, మహామాత్రులు ఇసిలలోని మహామాత్రులను కుశలమడిగి, ఆపై రాజాజ్ఞను అందిస్తారు. ఇకరోస్ రాతి మీదిలాగే ఉత్తరంలో ఉత్తరం. ఆ సువర్ణగిరి ఎర్రగుడి దగ్గరి జొన్నగిరే అని కొందరి అభిప్రాయం. అదే నిజమైతే, ఒకే శతాబ్దంలో రెండు సామ్రాజ్యాలు ఒకే విధంగా తమ ఆజ్ఞలను దూరానికి చేరవేస్తున్న దృశ్యంలో ఒక కొస మన రాయలసీమలో ఉన్నట్టే.

ఫైలకాలో ఇప్పుడు ఊరు లేదు. 1990 దురాక్రమణలో ద్వీపవాసులను ఖాళీ చేయించారు. మళ్ళీ ఊరు నిలవలేదు. తూటాల గుర్తులున్న గోడల మధ్య నడుస్తున్నప్పుడు, ద్వీపవాసులకు అన్యాయం జరగరాదన్న ఆ పాత వాక్యం గుర్తుకు వచ్చింది. ఏటేటా నివాసపత్రం పొడిగించుకుంటూ, పరదేశంలో పని చేసుకుంటూ, ఇంటి మూలలో సంక్రాంతి చేసుకునే నాబోటివాడు సామ్రాజ్యాల సహనాన్ని తేలికగా తీసిపారేయలేడు. అది దొరికినచోట బతుకు సుఖంగానే సాగుతుంది. పుస్తకం అంతవరకు చెబుతుంది, బాగా చెబుతుంది. చదవండి. అయితే చదువుతున్నంతసేపు, అనుగ్రహాన్ని రాతి మీద ఎందుకు చెక్కించుకోవలసివచ్చిందని ఆ ఆలయ పరిచారకుల తరఫున ఒకసారి అడగండి. మాట మీద నమ్మకం ఉంటే రాయి అవసరం ఉండేది కాదు.