14 సెకన్ల చప్పుడు

యంత్రం పేరైనా చెప్పకుండా, "ఈ చప్పుడేమిటో కాస్త చూసి చెప్పండి" అని ఫోనులో తీసిన చిన్న వీడియో పంపేవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. చూసినవాళ్ళు కూడా ఆలస్యం చెయ్యరు. ఒకరు బేరింగు పోయిందంటారు, ఇంకొకరు మోటారు మార్చాలంటారు. అలాంటి వీడియోలో చప్పుడు ఎంత పెద్దదో చూసి తీర్పు చెప్పకూడదని, సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో ముందు లెక్కపెట్టాలని నా అభిప్రాయం.

ఎందుకంటారా? ఫోను చిన్న చప్పుడును పెంచి, పెద్దదాన్ని తగ్గించి రికార్డు చేస్తుంది. వీడియోలో దడదడలాడే యంత్రం నిజానికి పక్కగదిలోకి కూడా వినబడకపోవచ్చు. బొమ్మనూ నమ్మలేం. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాకు, సెకనుకు 29 చుట్లు తిరిగే చక్రం మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఉన్న కాలం మాత్రం పెద్దగా చెడకుండా మనదాకా వస్తుంది.

ఇక్కడ అమెరికాలోనే ఉండే మిత్రుడొకాయన పంపిన 14 సెకన్ల వీడియోనే తీసుకుందాం. అందులో కనబడేది తెల్లటి రేకు, దానిపైన వణుకుతున్న ఒక డబ్బా, అంతే. వాళ్ళింట్లో అప్పటికే కొత్తది కొందామన్న చర్చ నడుస్తోందట. నేను చేసిన మొదటి పని, బొమ్మను పక్కనపెట్టి చప్పుడును విడదీయడం:

```
ffmpeg -i video.mp4 -vn -ac 1 sound.wav
```

దాన్ని ఆడాసిటీలో తెరిచి `Plot Spectrum` చూస్తే 120 హెర్ట్జ్ దగ్గర ఒక గీత నిటారుగా లేచింది. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్. మోటారులో అయస్కాంతపు లాగుడు దానికి రెండింతల వేగంతో పెరిగి తగ్గుతుంది, ఆ మూలుగే ఇది. (అదే ఇండియాలోనైతే 100 దగ్గర కనబడేది.) అంటే కరెంటుకు నేరుగా తగిలించిన మోటారు ఏదో లోపల తిరుగుతోంది.

అసలు గొడవ చేస్తున్న దెబ్బలు ఈ బొమ్మలో కనబడవు. మనవాళ్ళు పొరబడేది ఇక్కడే. సెకనుకు ఏడుసార్లు తలుపు తడితే 7 హెర్ట్జ్ స్వరం పుట్టదు, తలుపు చప్పుడే ఏడుసార్లు వినిపిస్తుంది. కాబట్టి తరంగాన్ని సాగదీసుకుని శిఖరాలను చేత్తో లెక్కపెట్టాలి. 10 సెకన్లలో 72 దెబ్బలు వచ్చాయి. వాటి వెనకాల సన్నగా, క్రమం తప్పని "టుక్కు" ఒకటి 8 సార్లు వచ్చింది.

72ని 8తో భాగిస్తే 9. లోపల ఒకటి నిమిషానికి 48 చుట్లు తిరుగుతోంది, దానికి తగులుకుని ఇంకొకటి తొమ్మిదింతల వేగంతో తిరుగుతోంది. బట్టలు ఆరబెట్టే డ్రయరులో డ్రమ్ము అడ్డుకొలత సుమారు 27 అంగుళాలు. దాన్ని కింద మోసే రబ్బరు రోలరుది సుమారు 3 అంగుళాలు. డ్రమ్ము ఒక చుట్టు తిరిగేసరికి రోలరు తొమ్మిది చుట్లు తిరగాలి. ఆ "టుక్కు" డ్రమ్ము అతుకుది, దెబ్బ రోలరుది అనుకుంటే లెక్క సరిపోతుంది. మోటారే దోషి అయితే దెబ్బలు సెకనుకు 29 దాకా ఉండాలి, చెవికి అవి విడివిడిగా వినబడవు, ఒకటే గరగర. బెల్టు అతుకైతే డ్రమ్ము చుట్టుకు సుమారు ఒక్కసారే వస్తుంది.

అయినా ఇది ఊహే. ముందు తలుపున్న వాషింగు మెషీను డ్రమ్ము కూడా ఉతికేటప్పుడు ఇంచుమించు ఇదే వేగంతో తిరుగుతుంది, కొన్నిటిలో మోటారు దానికి ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. అది మధ్యమధ్య ఆగి, రెండోవైపు తిరుగుతుంది గానీ 14 సెకన్లలో ఆ మలుపు రాకపోవచ్చు. అందుకని తీర్పు చెప్పకుండా ఇంకో వీడియో అడిగాను. యంత్రాన్ని ఖాళీగా నడిపి, ఆపేసి, పూర్తిగా ఆగేదాకా తియ్యమన్నాను. కరెంటు మూలుగు స్విచ్చి తియ్యగానే టక్కున పోతుంది. తిరిగే వస్తువు దెబ్బలు ఎడం పెరుగుతూ ఆగుతాయి. బట్టల్లోని నాణేలో, జిప్పులో చేసే చప్పుడైతే ఖాళీ డ్రమ్ములో అసలే రాదు.

రెండో వీడియోలో మూలుగు తెగినా, దెబ్బలు ఒకటి రెండు సెకన్లు సాగి నిదానించాయి. యంత్రం డ్రయరేనట. ఆయన ప్లగ్గు పీకి రేకు విప్పి చూస్తే ఒక రోలరుకు రబ్బరు ఒకచోట ఊడిపోయి ఉంది. రాత్రంతా కదలక నొక్కుకుపోయిన రబ్బరే అయితే కాసేపు నడిచి వేడెక్కాక చప్పుడు దానంతటదే తగ్గేది. ఇది తగ్గలేదు.

ఈ పద్ధతి ప్రతి యంత్రానికీ పనికిరాదు. ఇన్వర్టరుతో నడిచే కొత్త మోటార్లు కరెంటు లయను పాటించవు, 120 కోసం వెతికి లాభంలేదు. మాడిన వాసన, వేడి ఏ వీడియోలోనూ రావు గనక, ఆ రెండింటి గురించీ ఆయన్ని ముందే అడిగాను. ఉన్నాయని చెప్పి ఉంటే రెండో వీడియో అడిగేవాణ్ణే కాదు, ప్లగ్గు పీకమనేవాణ్ణి.