ఎఫెసు కరణం, హైదరాబాదు హైకోర్టు

క్రీస్తును అవమానించిన సినిమాను ప్రభుత్వం నిషేధిస్తే క్రైస్తవుడు సంతోషించాలా? ఈ ప్రశ్న మన రాష్ట్రంలో 2006లో నిజంగానే ఎదురైంది. డాన్ బ్రౌన్ రాసిన 'ద డావిన్సీ కోడ్' నవల అప్పటికి మూడేళ్ల నాటిది. యేసుప్రభువు మగ్దలేనే మరియను వివాహమాడాడనీ, వారికి సంతానం కలిగిందనీ, సంఘం ఆ సంగతిని శతాబ్దాలుగా దాచిపెట్టిందనీ అల్లిన కథ అది. ఆ సంవత్సరం మే నెలలో దాని సినిమా మన దేశానికి వచ్చింది. సెన్సార్ బోర్డు పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్ ఇచ్చి, ఇది కేవలం కల్పన అన్న ప్రకటనను తెరమీద చూపాలని షరతు పెట్టింది.

అయినా మన సంఘాలలో కలవరం రేగింది. ఊరేగింపులు జరిగాయి, వినతిపత్రాలు వెళ్లాయి. యేసును ప్రవక్తగా గౌరవించే ముస్లిం పెద్దలు కూడా మనతో గొంతు కలిపారు. ఆ బాధ నటన కాదు. రోజూ మోకరించి పిలుచుకునే నామాన్ని ఎవరో వినోదం కోసం వాడుకుంటే మనసు నొచ్చుకోకుండా ఎలా ఉంటుంది? (నిషేధం కోరినవారిలో ఎందరు ఆ నవల చదివారో అడగకపోవడమే మంచిది!) ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూన్ మొదట్లో ఆ సినిమా ప్రదర్శనను రాష్ట్రమంతటా ఆపేసింది. తమిళనాడు, నాగాలాండ్ లాంటి రాష్ట్రాలూ అదే పని చేశాయి. మన సంఘాలలో చాలామంది దీన్ని ప్రార్థనలకు జవాబుగా చెప్పుకున్నారు.

ఆ జవాబు నెల తిరక్కుండానే హైకోర్టులో నిలవలేదు. సినిమా పంపిణీదారులైన లక్ష్మీ గణేశ్ ఫిల్మ్స్ వారు వేసిన రిట్‌ను విచారించి న్యాయమూర్తి గోడా రఘురాం నిషేధాన్ని కొట్టివేశారు. ఆయన తీర్పు మతాన్ని చిన్నచూపు చూసిన తీర్పు కాదు. ప్రభుత్వం వాడిన అధికారం 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టంలోని 8వ సెక్షన్. ఒక సినిమా వల్ల శాంతిభద్రతలకు భంగం కలిగే అవకాశం ఉందని ప్రభుత్వం భావిస్తే ప్రదర్శనను నిలిపివేయవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. అయితే ఆ భావనకు ఏదో ఒక ఆధారం ఉండాలి కదా! ఇక్కడ ఉన్న ఆధారమల్లా సినిమా వద్దంటూ వచ్చిన వినతిపత్రాలే. చట్టప్రకారం చూసి సర్టిఫికెట్ ఇచ్చిన బోర్డు మాటను పక్కనపెట్టి, కొందరు అభ్యంతరం చెప్పారు గనుక శాంతికి భంగం కలుగుతుందని ఊహించుకోవడం రాజ్యాంగం ఒప్పుకునే కారణం కాదని కోర్టు తేల్చింది. మద్రాసు హైకోర్టు కూడా తమిళనాడు నిషేధాన్ని అలాగే రద్దు చేసింది.

ఈ తీర్పుల వెనుక 1989లో సుప్రీంకోర్టు రంగరాజన్ కేసులో చెప్పిన సూత్రం ఉంది. 'ఒరే ఒరు గ్రామత్తిలే' అన్న తమిళ సినిమా రిజర్వేషన్లను విమర్శించిందని, దాన్ని ప్రదర్శిస్తే గొడవలు అవుతాయని వాదన వచ్చింది. సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. మాటకూ అలజడికీ మధ్య సంబంధం మందుగుండుకూ నిప్పురవ్వకూ ఉన్నంత దగ్గరగా ఉండాలి. ఎవరో గొడవ చేస్తామంటున్నారని మాట్లాడేవాడి నోరు మూయించడం బెదిరింపుకు లొంగిపోవడమే అవుతుంది. గొడవ చేసేవారిని అదుపు చేయడం ప్రభుత్వం బాధ్యత అని కోర్టు స్పష్టం చేసింది.

ఈ సూత్రం మనకు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తెరవాలి. ఎఫెసులో పౌలు బోధ వల్ల అర్తెమి దేవి వెండి గుళ్లు చేసే దేమేత్రియకు వ్యాపారం దెబ్బతింది. అతడు జనాన్ని రెచ్చగొట్టాడు. తమ దేవి మహిమకు భంగం కలిగిందంటూ ఊరంతా నాటకశాలలోకి పరుగెత్తి రెండు గంటలపాటు కేకలు వేసింది. వారి మనోభావాలు గాయపడ్డాయనడంలో సందేహమేముంది? అప్పుడు పట్టణపు కరణం లేచి సమూహాన్ని సముదాయించాడు. ఈ మనుషులు గుడిని దోచుకున్నవారు కారు, మన దేవతను దూషించినవారూ కారు, ఎవరికైనా వ్యాజ్యం ఉంటే న్యాయసభలున్నాయి, అక్కడికి వెళ్లండి అన్నాడు. జనం గాయపడ్డారా అని ఆయన అడగలేదు. వీళ్లు చేసిన నేరం ఏమిటని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న పౌలు సహచరుల ప్రాణాలు కాపాడింది. 2006లో హైదరాబాదులో కేకలు వేసిన సమూహం మనది, కరణం స్థానంలో కూర్చున్నది హైకోర్టు.

సినిమా సంగతి అలా ఉంటే, మతాన్ని అవమానించినందుకు మనిషిని జైలుకు పంపే సెక్షన్ వేరే ఉంది. భారత శిక్షాస్మృతిలో 295ఏగా మనకు పరిచయమైన ఆ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా మారింది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దాని పుట్టుక చూస్తే గాని దాని హద్దులు అర్థం కావు. 1924లో లాహోరులో మహమ్మద్ ప్రవక్తను హేళన చేస్తూ ఒక చిన్న పుస్తకం వచ్చింది. చనిపోయిన మతస్థాపకుణ్ణి ఎగతాళి చేయడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాదని 1927లో లాహోరు హైకోర్టు ప్రచురణకర్త రాజ్‌పాల్‌ను విడిచిపెట్టింది. పెద్ద ఆందోళన చెలరేగింది. ఆ సంవత్సరమే 295ఏ పుట్టింది. చట్టం వచ్చినా 1929లో రాజ్‌పాల్ హత్యకు గురయ్యాడు.

అయితే ఆనాటి శాసనసభలో బిల్లును పరిశీలించినవారు ఒక జాగ్రత్త తీసుకున్నారు. మతాన్ని నిజాయితీగా విమర్శించేవారు, చరిత్ర రాసేవారు, సంస్కర్తలు ఇందులో చిక్కుకోకూడదని జిన్నా కూడా హెచ్చరించారు. అందుకే ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అన్న రెండు మాటలూ కలిసి ఉంటేనే నేరం. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించినప్పుడు కూడా ఈ మాటలనే ఆధారం చేసుకుంది. మతానికి జరిగే ప్రతి అవమానమూ నేరం కాదు, తీవ్రమైన రూపంలో, దురుద్దేశంతో చేసినదే నేరం అంది.

ఆ రెండు మాటలు పనిచేసిన తీరు చూడాలంటే మన అనంతపురం కేసు చాలు. క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో, చేతుల్లో రకరకాల కంపెనీల వస్తువులతో ఒక వ్యాపార పత్రిక 2013లో ముఖచిత్రంగా వేసింది. హిందువుల మనోభావాలు గాయపడ్డాయని అనంతపురం కోర్టులో ఫిర్యాదు దాఖలైంది. ధోనీ మీద వారంట్ కూడా వెళ్లింది. 2017లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేస్తూ, తెలియక గాని, అజాగ్రత్త వల్ల గాని, దురుద్దేశం లేకుండా గాని జరిగిన అవమానం ఈ సెక్షన్ కిందికి రాదని చెప్పింది. ఫిర్యాదు చేసినవారి భక్తిని ఎవరూ శంకించలేదు. చూసినవారి బాధ నిజమే అయినా, గీసినవాడి మనసులో దురుద్దేశం రుజువు కాకపోతే నేరం లేదు.

ఆ రెండు మాటలు లేకపోతే ఏమవుతుందో సరిహద్దు అవతల కనిపిస్తుంది. పాకిస్తాన్‌కు కూడా అదే బ్రిటిషు శిక్షాస్మృతి సంక్రమించింది. 1986లో అక్కడ 295సీ అన్న కొత్త సెక్షన్ చేర్చారు. ప్రవక్తను కించపరిస్తే మరణశిక్ష అన్నారు గాని, దురుద్దేశం అన్న మాట అందులో పెట్టలేదు. 2009లో పొలంలో పండ్లు కోస్తున్న ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీ స్త్రీకి, ఆమె తాకిన నీళ్లు తాగమన్న తోటి కూలీలకు మధ్య మాటామాటా పెరిగింది. ఆ తగవు దైవదూషణ కేసుగా మారింది. 2010లో ఆమెకు మరణశిక్ష పడింది. ఆమె పక్షాన మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్, క్రైస్తవ మంత్రి షాబాజ్ భట్టి 2011లో హత్యకు గురయ్యారు. సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగడం లేదని 2018లో సుప్రీంకోర్టు ఆమెను విడిచిపెట్టేనాటికి ఎనిమిదేళ్లు ఉరినీడలో గడిచాయి.

బైబిలు చదివేవారికి ఇది కొత్త కథ కాదు. నాబోతు ద్రాక్షతోట కావలసిన యెజెబెలు అతని మీద మోపించిన నేరం ఏమిటి? దేవుణ్ణీ రాజునూ దూషించాడని! ఇద్దరు పనికిమాలిన సాక్షులు దొరికారు, తోట అహాబు వశమైంది (1 రాజులు 21). స్తెఫను మీద కుదిర్చిన సాక్షులు అదే చెప్పారు. కయప బట్టలు చింపుకున్నది కూడా ఆ నేరం పేరు చెప్పే. ధర్మశాస్త్రంలో దేవదూషణకు శిక్ష ఉంది, నిజమే. లేవీయకాండము 24లో ఉన్న ఆ శిక్ష దేవునితో నిబంధన చేసుకున్న జనాంగానికి ఇచ్చినది. దాన్ని తీసుకొచ్చి అన్ని మతాలవారూ కలిసి బ్రతికే దేశపు పోలీసు స్టేషనులో పెట్టమని కొత్త నిబంధన ఎక్కడా మనల్ని అడగలేదు.

ఇంకొక వాదన ఉంది, దాన్ని తేలికగా తీసేయలేను. బలమైనవారు గాయపడితే ప్రభుత్వం పరుగెత్తుతుంది, మనలాంటి కొద్దిమంది గాయపడితే మాత్రం వాక్‌స్వాతంత్ర్యం గుర్తొస్తుందా అని యువకులు అడుగుతారు. ఆ పక్షపాతం ఉన్నమాట వాస్తవం. కానీ గాయాన్నే కొలబద్దగా చేస్తే ఎక్కువమంది గాయపడ్డ చోట ఎక్కువ శిక్ష పడుతుంది. కొద్దిమందికి ఆ కొలబద్ద ఎన్నడూ కలిసిరాదు. పైగా క్రీస్తు ఒక్కడే ప్రభువు అని మనం చెప్పే వాక్యమే కొందరికి గాయం కదా!

ఇక్కడ పెదబయలు కొండల్లో ఈ తేడా పుస్తకాల సంగతి కాదు. క్రీస్తును నమ్మిన కుటుంబం ఇటుకల పండగకు చందా ఇవ్వలేదని ఊరి పెద్దలకు కోపం రావచ్చు. అది అవమానం కిందికి రాదు, పాల్గొనకపోవడం ఎవరి దేవుణ్ణీ దూషించడం కాదు. నా నమ్మకం ఇదీ అని శాంతంగా చెప్పడమూ నేరం కాదు. కానీ పాడేరులో మోదకొండమ్మ జాతర జరుగుతున్న వేళ, జనం మధ్యకు మైకు పట్టుకెళ్లి ఆ దేవతను ఎగతాళి చేస్తే సంగతి వేరు. మాటలతోపాటు చోటూ సమయమూ చూసి కోర్టు ఉద్దేశాన్ని నిర్ణయిస్తుంది. పౌలు బృందం గురించి అర్తెమిని దూషించలేదని పరాయి మతపు కరణమే సాక్ష్యం చెప్పగలిగాడు. మన బోధకులలో కొందరి గురించి అలా చెప్పడం కష్టం. ఫోనులో ముందుకు పంపే వీడియోలకూ జాగ్రత్త అవసరం, ఎందుకంటే కొత్త సంహిత ఎలక్ట్రానిక్ సాధనాలను పేరుపెట్టి చేర్చింది.

ఒకవేళ 299 కింద ఎవరి మీదనైనా కేసు పెడితే భయపడి ఊరు విడవవలసిన పని లేదు. ఇది బెయిలు హక్కుగా దొరకని నేరమే గాని, శిక్ష ఏడేళ్ల లోపుది గనుక వెంటనే అరెస్టు తప్పనిసరి కాదు. అరెస్టుకు అవసరం కనిపించకపోతే పోలీసులు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్నవాడు చెప్పిన రోజున వెళ్లాలి, అన్న మాటలు పూర్తిగా ఉన్న రికార్డింగు దొరికితే భద్రం చేసుకోవాలి. తుంచిన ముక్కలో వినబడే ఉద్దేశం వేరు, మొత్తం ప్రసంగంలో వినబడే ఉద్దేశం వేరు. ఆపైన, ప్రభుత్వం ముందుగా అనుమతి ఇవ్వనిదే ఏ కోర్టూ ఈ నేరాన్ని విచారణకు స్వీకరించడానికి వీల్లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 217వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. కోర్టులో అడుగుపెట్టిన న్యాయవాది మొదట చూపించమని అడగవలసిన కాగితం ఆ అనుమతి ఉత్తర్వే.