మామ్మకు తేదీ లేదు

లారీల కర్మాగారంలో కొలువుకని శ్రీకాకుళం వైపు నుంచి టాటానగర్ చేరి, టెల్కో కాలనీలోనే ఉండిపోయిన కుటుంబం ఒకటి మాకు తెలుసు. కంపెనీ పేరు 2003లో టాటా మోటార్స్ అయింది కానీ కాలనీ మాత్రం ఇప్పటికీ టెల్కోయే. పెద్దకొడుకు అక్కడే, రెండోవాడు గాజువాకలో, మూడోవాడు న్యూజెర్సీలో, ఆడపడుచు బరంపురంలో. పిల్లాజెల్లాతో కలిపి వాట్సాప్ గ్రూపులో 41 మంది.

2025 వేసవిలో న్యూజెర్సీ పిల్లాడి పుట్టినరోజుకు పన్నెండు ఫొటోల వీడియో, ఆరు పేరాల దీవెన వచ్చాయి. వారం తిరక్కుండా గాజువాక ఇల్లాలి పుట్టినరోజు. ఆవిడకు ఒక కేకు బొమ్మ, నాలుగు బొటనవేళ్లు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత మాత్రం ఎవరికీ శుభాకాంక్షలు పెట్టలేదు. గ్రూపులో అలక తెలిసేది అలాగే, రావలసిన మాట రాకపోవడంతో.

పెద్దింటి కోడలు లెక్కల టీచరు. తేదీలన్నీ కాగితమ్మీద రాసి ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరింటి వాళ్లకు ఆ ఇంటి వాళ్లు మొదట పెట్టకూడదు, వేరే ఇంటి వాళ్లే పెట్టాలి. ఒక ఫొటో, మూడు వాక్యాలు. అందులో ఒకటి ఆ మనిషికి తప్ప మరొకరికి పనికిరానిదై ఉండాలి. ఈ మూడో వాక్యమే అందరినీ తిప్పలు పెట్టింది. తెలియని మనిషి గురించి ఏం రాస్తారు? ముందురోజు ఫోను చేసి మాట్లాడుకోక తప్పలేదు.

23 మంది ఒకచోట చేరితే ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సగానికి పైగా అవకాశం ఉందట. 41 మందిలో అది తొంభై శాతం. ఇక్కడా ఆగస్టులో బరంపురం అల్లుడికీ న్యూజెర్సీ అమ్మాయికీ ఒకే రోజు పడింది. ఎవరి పేరు ముందన్న తగువు గడియారమే తీర్చింది. అల్లుడికి పొద్దున్నే ఎనిమిదింటికి పెట్టారు. అమ్మాయికి తొమ్మిదిన్నర దాటాక, అక్కడ అర్ధరాత్రి దాటి తేదీ మారాక.

చిక్కల్లా మామ్మతోనే. ఆవిడకు తేదీ లేదు. బడికి పోలేదు, కొలువు చేయలేదు, పుట్టినరోజు అడిగినవాళ్లూ లేరు. "నాగులచవితి వెళ్లిన రెండోనాడు పుట్టానని మాయమ్మ అనేది" అంది. అంటే కార్తీక శుద్ధ షష్ఠి. 2024లో నవంబరు 7, 2025లో అక్టోబరు 27. ఏటా మారే తేదీని ఫోను ఎలా గుర్తుచేస్తుంది? కానీ జంషెడ్‌పూర్‌లో ఆ రోజును మరచిపోయే వీల్లేదు. ఛఠ్‌లో అస్తమించే సూర్యుడికి అర్ఘ్యమిచ్చే సాయంత్రం అదే. చేటల్లో పళ్లు, భుజాన చెరుకుగడలు పెట్టుకుని ఊరు ఊరంతా సువర్ణరేఖ రేవులకు కదులుతుంది. ఇన్నేళ్లుగా మామ్మ తన పుట్టినరోజునాడే గేటు దగ్గర నిలబడి వాళ్లను చూస్తూ ఉందన్నమాట.

ఆవిడ ఏ ఇంటి మనిషి? నాలుగిళ్లకూ అమ్మే కదా, కట్టుబాటు పనిచేయలేదు. చివరికి ఇంటికొకటి చొప్పున పెట్టమన్నారు. ఆ సాయంత్రం పెద్దకొడుకు వాటిని గట్టిగా చదివి వినిపించాడు. మామ్మ వేళ్లు మడుస్తూ విని, "బరంపురం దానివి రెండున్నాయేం?" అని అడిగింది.