కౌంటరు దాటితే నలుపు తెలుపే!

* మూడు మెట్లలో రూపు మార్చుకుంటున్న నేరపు సొమ్ము
* మెక్సికో బ్యాంకు ఉదంతం నేర్పిన పాఠం

నేరం చేసి సంపాదించడం ఒక ఎత్తు. ఆ సంపాదనను దర్జాగా అనుభవించడం మరో ఎత్తు. మాదకద్రవ్యాల ముఠాలకు సొమ్ము చిన్న నోట్ల రూపంలోనే అందుతుంది. 20 డాలర్ల నోట్లలో 10 లక్షల డాలర్లంటే దాదాపు 50 కిలోల బరువు. అంత నగదుతో భూమి కొన్నా, భవనం కట్టినా 'ఎక్కడిది?' అన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబును ముందుగానే సిద్ధం చేసుకోవడమే మనీ లాండరింగ్.

ఇందులో మూడు మెట్లున్నాయి. నగదును బ్యాంకులోకి చొప్పించడం మొదటిది. దీన్ని ప్లేస్‌మెంట్ అంటారు. లావాదేవీల మీద లావాదేవీలు జరిపి మూలాన్ని మరుగుపరచడం రెండోది, ఇది లేయరింగ్. మామూలు వ్యాపారాల్లో, ఆస్తుల్లో కలిపేయడం మూడోది; ఇది ఇంటిగ్రేషన్. ఈ మూడూ ఎలా సాగుతాయో తెలుసుకోవడానికి 2012లో అమెరికాలో తేలిన హెచ్ఎస్‌బీసీ బ్యాంకు కేసు చక్కటి నిదర్శనం.

కిటికీ కొలతకు పెట్టెలు

మెక్సికోకు చెందిన సినలోవా ముఠా, కొలంబియాకు చెందిన నోర్తె దెల్ వాయె ముఠా అమెరికాలో మాదకద్రవ్యాలు అమ్మి ఆర్జించిన డాలర్లు మెక్సికోలోని ఆ బ్యాంకు శాఖలకు చేరాయి. ఒక్కో రోజు ఒక్క ఖాతాలోనే లక్షల డాలర్లు జమ అయ్యేవి. నోట్లు తెచ్చే పెట్టెలను సైతం కౌంటరు కిటికీలో సరిగ్గా పట్టే కొలతలతో చేయించారని అమెరికా న్యాయశాఖ వెల్లడించింది. గుమస్తా ఆ నోట్లు లెక్కించి ఖాతాలో అంకె వేయడంతో మొదటి మెట్టు పూర్తయింది. ఆ క్షణం నుంచి అది మోయవలసిన బరువు కాదు, తీగల మీద పరుగెత్తే అంకె.

సరిహద్దు దాటని సొమ్ము

రెండో మెట్టులో పెసో దళారీ ప్రవేశిస్తాడు. కొలంబియాలోని ఒక వర్తకుడు అమెరికా నుంచి గృహోపకరణాలు తెప్పించుకోవాలనుకున్నాడని అనుకుందాం. అందుకు అతనికి డాలర్లు కావాలి. బ్యాంకు ధర కన్నా చౌకగా ఇస్తానని దళారీ ముందుకొస్తాడు. వర్తకుడు తన దేశంలోనే పెసోలు చెల్లిస్తాడు. దళారీ తన కమీషన్ మినహాయించుకుని ఆ పెసోలను ముఠాకు అప్పగిస్తాడు. అటు ఖాతాలో జమ చేసిన డాలర్లు అమెరికాలో సరుకు అమ్మే వ్యాపారికి బదిలీ అవుతాయి. ఓడలో సరుకు వస్తుంది.

ముఠా డబ్బు కొలంబియాకు చేరింది, కానీ ఆ దేశపు సరిహద్దును ఒక్క డాలరూ దాటలేదు. సరుకు నిజమైనది, బిల్లు నిజమైనది, వర్తకుడికి దుకాణమూ ఉంది. ముఠా చేతిలోని పెసోలు భూములుగా, వ్యాపారాలుగా మారడంతో మూడో మెట్టు ముగుస్తుంది. ఇక్కడికి వచ్చాక మంచి సొమ్మునూ చెడ్డ సొమ్మునూ వేరు చేయడం పాలలో కలిసిన నీళ్లను వేరు చేయడం వంటిదే.

కనిపించినా చూడలేదు

జాడలు లేకపోలేదు. 2007, 2008 సంవత్సరాల్లో మెక్సికో శాఖలు అమెరికాలోని తమ బ్యాంకుకు పంపిన నగదు 700 కోట్ల డాలర్లని సెనేట్ ఉపసంఘం తేల్చింది. అంతకన్నా పెద్ద మెక్సికన్ బ్యాంకులు సైతం అంత నగదు పంపలేదు. వ్యాపార పరిమాణాన్ని మించి నోట్లు వచ్చిపడటం మొదటి హెచ్చరిక. సరుకు కొన్నది ఒకరు, సొమ్ము చెల్లించినది సంబంధం లేని మరొకరు కావడం రెండో హెచ్చరిక. కానీ మెక్సికోను తక్కువ ముప్పున్న దేశాల జాబితాలో చేర్చిన బ్యాంకు అక్కడి బదిలీలపై నిఘా పెట్టలేదు. ఫలితంగా కనీసం 88 కోట్ల డాలర్ల మాదకద్రవ్యాల సొమ్ము తెల్లబడింది. 2012 డిసెంబరులో బ్యాంకు 190 కోట్ల డాలర్లు చెల్లించి అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అధికారులెవరిపైనా క్రిమినల్ అభియోగాలు నమోదు కాలేదు.

మన గుమ్మంలోనూ...

మన దేశంలో మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జులై 1 నుంచి అమల్లో ఉంది. 10 లక్షల రూపాయలు దాటిన నగదు లావాదేవీలను బ్యాంకులు ఆర్థిక నిఘా విభాగానికి నివేదించాలి. ఈ గీతను తప్పించుకోవడానికే సొమ్మును ముక్కలు చేసి పలువురి ఖాతాల్లోకి మళ్లిస్తారు. సైబర్ మోసాల సొమ్ము కదులుతున్నదీ ఇలాంటి అద్దె ఖాతాల గుండానే. కొద్దిపాటి కమీషన్‌కు ఆశపడి పాస్‌పుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించే విద్యార్థి లేదా కూలీ తనకు తెలియకుండానే మెక్సికో కౌంటరు కిటికీగా మారుతున్నాడు. తీగ లాగితే పోలీసులకు మొదట దొరికేది ఖాతాదారు పేరే. ముఠా నాయకుడి పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.