ఇంటి మనిషి తెచ్చిన ఉత్తరాన్ని బ్యాంకులో చెల్లనివ్వండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు, జిల్లా సంప్రదింపుల కమిటీ అధ్యక్షులు గారికి,
లీడ్ బ్యాంకు జిల్లా మేనేజరు గారికి,

విషయం: మంచాన పడిన ఖాతాదారుల తరఫున బంధువులు ఆథరైజేషన్ లెటరుతో వచ్చినప్పుడు చెక్కు బుక్కు ఇవ్వడంలోను, నగదు చెల్లించడంలోను మా మండలంలోని బ్యాంకు శాఖ పెడుతున్న ఇబ్బందుల గురించి.

ఆర్యా,

మేము ఈ మండలంలో ఉంటున్న విశ్రాంత ఉద్యోగులం, ఫ్యామిలీ పెన్షన్‌తో బతుకుతున్నవాళ్లం. మాలో చాలామందిమి డెబ్బై దాటినవాళ్లం. నడవగలిగినంత కాలం మా పనులు మేమే చూసుకున్నాం. ఇప్పుడు కొందరికి కాలు సాగడం లేదు, కొందరికి చెయ్యి ఆడటం లేదు. డబ్బు మాదే, ఖాతా మాదే. అయినా కొడుకునో కోడలినో పంపితే మా శాఖలో పని జరగడం లేదు.

మాలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి జరిగింది మీ ముందుంచుతున్నాం. ఆయన స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. చేతులు బాగానే ఉన్నాయి, సంతకం ఎప్పటిలాగే చేస్తారు. అంతకుముందే ఆయన చెక్కు బుక్కుకు అర్జీ పెట్టుకున్నారు. పోస్టులో వచ్చేసరికి ఇంటికి తాళం, అందరూ ఆసుపత్రిలో ఉన్నారు. బుక్కు తిరిగి శాఖకు చేరింది. ఇంటికొచ్చాక ఆయన తెల్లకాగితం మీద ఉత్తరం రాసి, కొడుకు సంతకాన్ని కింద ధ్రువీకరించి, ఇద్దరి ఆధార్ నకళ్లూ జతచేసి పంపారు. కౌంటరులో ఉత్తరం పూర్తిగా చదవకుండానే ‘ఖాతాదారు స్వయంగా రావాలి’ అన్నారు. మందులకు డబ్బు కావాలి కాబట్టి ఈసారి విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం చేసి, పాస్‌బుక్ ఇచ్చి పంపారు. ‘ఈ ఫారం మీద వేరేవాళ్లకు ఇవ్వం’ అన్నారు.

ఈ రెండు జవాబులూ ఒకటి కావని మనవి. రెండోది సరైనదే, దాని మీద మాకు ఫిర్యాదు లేదు. విత్‌డ్రాయల్ ఫారం చెక్కు కాదు. ఖాతాదారు పాస్‌బుక్‌తో ఎదురుగా నిలబడి తన డబ్బు తాను తీసుకోవడానికి పెట్టిన కాగితం అది. దాన్ని ఎవరు తెస్తే వారి చేతిలో డబ్బు పెడితే రేపు దొంగ కూడా తీసుకుంటాడు. కానీ మొదటి జవాబు తప్పు. రిజర్వు బ్యాంకు 2017 నవంబరు 9న వృద్ధుల, వికలాంగుల సౌకర్యాల గురించి అన్ని బ్యాంకులకూ సర్క్యులర్ పంపింది. చెక్కు బుక్కు కోసం వృద్ధులతో సహా ఏ ఖాతాదారునూ స్వయంగా రావాలని పట్టుబట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. పొదుపు ఖాతాకు అడిగితే ఏడాదికి కనీసం 25 చెక్కులు ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. చెక్కు బుక్కు వెనక ఉండే రిక్విజిషన్ స్లిప్పులోనే, బుక్కు తీసుకెళ్లే మనిషి పేరు, సంతకం రాసి ఖాతాదారు ధ్రువీకరించడానికి చోటు ఉంటుంది. స్లిప్పులో చోటిచ్చి, కౌంటరులో కాదనడం ఏమి న్యాయం?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చెక్కు బుక్కు ఇంటికి చేరితే నగదు సమస్య చాలావరకు దానంతటదే తీరుతుంది. హెడ్మాస్టరు గారు కొడుకు పేరు మీద చెక్కు రాసి, ‘బేరర్’ అన్న మాట కొట్టెయ్యకుండా, పైన రెండు గీతలు గీయకుండా ఇస్తే చాలు. సంతకం కలిసి, ఖాతాలో డబ్బుంటే కౌంటరులో నగదు చెల్లించవచ్చు. దానికి వేరే ఉత్తరం అక్కర్లేదు. చెక్కు తెచ్చినవాడికి సక్రమంగా చెల్లించిన బ్యాంకుకు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం రక్షణ ఇస్తుంది. చెక్కు బుక్కు ఆపేసి, విత్‌డ్రాయల్ ఫారం చెల్లదని చెప్పడమంటే రెండు దారులూ మూసినట్టే.

సంతకం చెయ్యలేనివారి కష్టం వేరు. మా వీధిలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఒక పెద్దావిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట తడబడుతుంది గాని తెలివి చక్కగా ఉంది. ఆవిడ ఎడమచేత్తో గీసిన సంతకం శాఖలోని నమూనాతో కలవదు. కోడలు ఉత్తరం పట్టుకెళ్తే సంతకం తేడా అని తిప్పి పంపారు. చివరికి ఆవిడను ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్తే, మెట్లు ఎక్కించలేక రోడ్డు మీదే నిలబడాల్సి వచ్చింది. బతికి ఉన్నట్టు జనానికి చూపించుకోవలసి వచ్చిందని ఆవిడ ఏడ్చారు.

ఇలాంటివారి కోసమే రిజర్వు బ్యాంకు పద్ధతి చెప్పింది. చెక్కు మీదగాని విత్‌డ్రాయల్ ఫారం మీదగాని వేలిముద్ర తీసుకోవాలి. చేతి వేలు వీలుకాకపోతే కాలి వేలి ముద్ర అయినా సరే. దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ముద్ర కూడా వెయ్యలేనివారి దగ్గర ఏదో ఒక గుర్తు తీసుకుంటారు. డబ్బు ఎవరు తీసుకెళ్తారో ఖాతాదారు చెప్పవచ్చు. ఆ మనిషినీ ఇద్దరు సాక్షులు గుర్తిస్తారు, ఆ మనిషి సంతకం బ్యాంకు తీసుకుంటుంది. అంటే అధికారి ఒకసారి ఇంటికి వస్తే సరిపోతుంది. డెబ్బై దాటినవారికి, కదలలేని రోగులకు నగదు ఇంటికి తెచ్చి ఇచ్చే ఏర్పాటు కూడా పైన చెప్పిన సర్క్యులర్‌లోనే ఉంది. మా శాఖలో అడిగితే ‘మనుషులు లేరు’ అంటున్నారు.

శాఖ వారి భయం మాకు అర్థం కాకపోలేదు. తల్లిదండ్రుల పెన్షన్ కాజేసే పిల్లలు మా ఊళ్లోనూ ఉన్నారు. అందుకే ఉత్తరం ఎలా ఉన్నా ఒప్పుకోమని మేం అడగడం లేదు. అందులో ఖాతా సంఖ్య, వచ్చే మనిషి పేరు, వరస, ఏ పనికి వస్తున్నారో, తేదీ ఉండాలి. ఆ మనిషి సంతకం ఉండి, దాని కింద ఖాతాదారు ధ్రువీకరణ ఉండాలి. ఉత్తరం ఆ ఒక్క పనికే చెల్లాలి. అనుమానం వస్తే ఖాతాలో నమోదైన ఫోనుకు చేసి ఖాతాదారుతోనే మాట్లాడాలి. నెలనెలా ఒకరే డబ్బు తెచ్చేటట్టయితే విడి ఉత్తరాలు కాక, బ్యాంకు ఫారంలో మ్యాండేటు రాయించుకోవాలి. ఖాతాదారు చనిపోయినా, మతిస్థిమితం తప్పినా ఉత్తరమూ మ్యాండేటూ ఆ క్షణంతోనే చెల్లవని కూడా ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. తండ్రి పోయిన రెండో రోజున దినకర్మల ఖర్చుకని పాత మ్యాండేటుతో వెళ్లి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

కాబట్టి వచ్చే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టి, పై సర్క్యులర్‌ను మా శాఖలో అమలు చేయించవలసిందిగా కోరుతున్నాం. చెక్కు బుక్కు కోసం రాయాల్సిన ఉత్తరం నమూనా తెలుగులో అచ్చువేసి కౌంటరు దగ్గర ఉంచాలి. మంచాన ఉన్నవారి ఇళ్లకు వెళ్లడానికి నెలలో ఒక రోజు నిర్ణయించి బోర్డు మీద రాయాలి. ఉత్తరాన్ని తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి. నోటిమాటతో పంపేస్తే పై అధికారికిగాని అంబుడ్స్‌మన్‌కుగాని ఏం చూపించి ఫిర్యాదు చేయాలో మాకు తెలియడం లేదు.

పక్షవాతం వచ్చిన ఆ పెద్దావిడ పెన్షన్ ఈ నెలది ఇంకా ఖాతాలోనే ఉంది. సమావేశం దాకా ఆగకుండా, ముందుగా ఆవిడ ఇంటికి ఒక అధికారిని పంపించే ఏర్పాటు చేయించమని వేడుకుంటున్నాం.

ఇట్లు,
మండల విశ్రాంత ఉద్యోగులు, ఫ్యామిలీ పెన్షన్‌దారులు
(సంతకాలు, వేలిముద్రలు జతచేయడమైనది)